ఫ్రిజ్‌లో పేరుకున్న తేనె

రాజాం దగ్గరి పల్లెలో ఉండే లక్ష్మీనరసమ్మకు ఫ్రిజ్ మీద ఉన్న నమ్మకం మనుషుల మీద లేదు. కందిపప్పు, చింతపండు, మోకాళ్ల నొప్పి మాత్రలు, అన్నీ అందులోకే. తమ్ముడు సోములు తన తేనెపెట్టెల నుంచి తీసి పంపిన సీసా కూడా, పాడవకూడదని, అందులోకే వెళ్లింది. కొన్నాళ్లకు తీసి చూస్తే తేనె తెల్లగా, రవ్వరవ్వగా పేరుకుపోయి ఉంది.

ఆమె కోపంతో తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరే, సొంత అప్పకే పంచదార పాకం పంపుతావేట్రా? పాడైపోనాది, పెంట మీద పారబోస్తన్నాను!"

"ఆగప్పా! పుల్లటి వాసనొస్తందా? నురగ కట్టిందా?"

ఆమె మూత తీసి వాసన చూసింది. "లేదు."

"అయితే పాడవనేదు. మంచి తేనె కూడా పేరుకుంటాది. సలవకైతే ఇంకా బేగి పేరుకుంటాది. ఏటి, ఫ్రిజ్జిలో ఎట్టినావా?"

ఆమె చప్పుడు కాకుండా ఫ్రిజ్ తలుపు మూసింది.

"అలాగే తిన్నా ఏటీ అవదు. కరగాలంటే పొయ్యి మీద మాత్రం ఎట్టకు. సెయ్యి ఓర్సుకునేటి వేన్నీళ్లలో సీసా ఉంచు, సాలు."

ఆమె అలాగే చేసింది. మెల్లగా తేనె కరిగి మళ్లీ తేట పడింది. ఒక చెంచా నోట్లో వేసుకుంది. తమ్ముడు తనను మోసం చేయలేదు. ఆమె మనసు తేలికపడి, కళ్లు తుడుచుకుని, ఇంకో చెంచా తిన్నది.

ఆ రోజు నుంచి తేనె సీసా వంటింటి గట్టు మీదే ఉంటోంది. తమ్ముడికి చెప్పవలసిన క్షమాపణ మాత్రం ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది.