వెలిగించని స్టవ్వు ముందు రుక్మాబాయి

మా గోడ పక్క గదిలోకి రుక్మాబాయి కాపురానికి వచ్చింది అరవై రెండు ప్రాంతంలో. బోధన్‌లో చెరకు మిల్లు కూలీల లైను అది. అందరివీ ఒంటి గదులే. ఒకరింట్లో గరిటె జారినా ఇంకొకరికి వినపడేది. వినొద్దంటే చెవుల్లో దూది పెట్టుకోవాలి. నేను పెట్టుకోలేదు.

ఆమె మొగుడు రామ్‌దాస్‌ది రసం మరిగే కడాయిల దగ్గర పని. ఆమె వచ్చిన వారం అతనికి సాయంత్రం డ్యూటీ. మొదటి రోజు వంట కాక పస్తు పోయాడు, కడాయి పక్కనే కళ్లు తిరిగి పడబోయాడు. మరునాడు తినే పోతానని కూర్చుంటే గేటు మూసేశారు. మళ్లీ ఆలస్యమైతే పనిలోంచి తీసేస్తానని మేస్త్రి చెప్పి పంపాడు. వర్ని ఊరి నుంచి వచ్చిన అత్త హన్మవ్వ కోడలికి ఒక్కటే మాట చెప్పింది: "రేపు గిట్లనే అయితే నిన్ను నీ తల్లిగారింట్ల దింపొస్త. నా కొడుక్కు నేనే వండిపెడుత."

పిల్ల వంట రానిది కాదు. వాళ్ల ఊళ్లో రెండు కళ్ల కట్టెల పొయ్యి. ముందు నిప్పు వేసి, కట్టె అంటుకునేలోగా బియ్యం ఏరి, కూర తరగడం అక్కడి పద్ధతి. ఇక్కడ ఒంటి మంట పంపు స్టవ్వు. వెలిగించి పప్పు వెతుక్కుంటుంటే గాసునూనె ఊరికే కాలిపోతుంది, ఒకటి అయ్యేసరికి ఇంకొకటి చల్లారిపోతుంది.

మూడో రోజు పొద్దు వాలుతున్నా స్టవ్వు వెలగలేదు. తొంగి చూస్తే రుక్మాబాయి దాని ముందే కూర్చుని ఉంది. నానిన కందిపప్పు, కడిగిన బియ్యం, తరిగిన చుక్కకూర, జొన్నపిండి, పోపు గింజలు, ఎల్లిపాయలు, గుడ్డ, గోనెసంచి, ఆఖరికి స్టవ్వు పిన్ను కూడా చేతికందేలా పరిచింది.

"ఏమే, దుకాణం పెట్టినవా? పొద్దు గూకుతుంది, ఇంక మంటే లేకపాయె," అంది హన్మవ్వ.

"పెడుత అత్తా. నీళ్లొక్కటి తెచ్చుకుంటే అయిపాయె."

"గా నీళ్లు మంట పెట్టినంక తేలేవా?"

"తేను."

ఆ ఒక్క మాట విని నేను గడపలోనే ఆగిపోయాను. అత్త మొహం ఎర్రబడింది. రామ్‌దాస్ చొక్కా తొడుక్కుని వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

నీళ్లు వచ్చాయి. స్టవ్వు వెలిగింది. ఎక్కువసేపు ఉడికేది పప్పు కనుక అదే ముందెక్కింది. దాని మీద మూతకు బదులు నీళ్ల గిన్నె పెట్టింది. ఉన్నట్టుండి మంట పచ్చబడి, కొట్టుకుని ఆరిపోయింది.

"అయిపాయె. నా కొడుకు కొలువు గూడ గిట్లనే ఆరిపోతది," అంది హన్మవ్వ.

రుక్మాబాయి చెయ్యి చాపింది. పిన్ను పక్కనే ఉంది. మంట వచ్చే బొక్కలో పొడిచి, నలక తీసి, పంపు కొట్టి మళ్లీ వెలిగించింది. ఇంతలో అత్త చుక్కకూర పిడికిట పట్టుకుని పప్పులో వెయ్యబోయింది. రుక్మాబాయి ఆమె మణికట్టు పట్టేసుకుంది. కోడలు అత్త చెయ్యి పట్టుకోవడం మా లైనులో ఎవరూ చూడలేదు.

"పులుపు పడితే పప్పు ఉడకది అత్తా. మెత్తబడ్డంక ఏస్త."

"చెయ్యిడువు."

"గా ఆకు కింద పెట్టు, ఇడుస్త."

హన్మవ్వ ఆకు కింద పెట్టింది.

పప్పు మెత్తబడింది. కూర వేసి ఒక ఉడుకు రానిచ్చి, దించి వేడి పోకుండా గోనెలో చుట్టింది. అన్నం ఎక్కింది. మూతగా పెట్టిన గిన్నెలో కాగిన నీళ్లతో అక్కడే జొన్నపిండి తడిపింది. అన్నం గంజి వార్చి వంచి పెట్టగానే పెనం ఎక్కింది. మిల్లు మొదటి కూత వేసింది. ఇంకో కూతకు గేటు మూస్తారు.

"అవ్వా, నేను పోత," అన్నాడు రామ్‌దాస్.

"కూసో," అంది రుక్మాబాయి. మొగుడితో అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. ఆఖరి రొట్టె తీసి, అదే వేడి పెనం మీద నూనె వేసి, పోపు చిటపటమనగానే పప్పులో వంచింది. రొట్టె, అన్నం, పప్పు మూడూ పొగలు కక్కుతూ పళ్లెంలోకి వచ్చాయి. అతను పెద్ద పెద్ద ముద్దలు మింగి, చెయ్యి సగమే కడుక్కుని పరుగెత్తాడు.

ముగ్గురం వాకిట్లో నిలబడ్డాం. రెండో కూత పడింది. మిల్లు దారి వైపే చూస్తున్నాం. తిరిగొచ్చే మనిషి కనపడలేదు. దారి సాంతం చీకటయ్యేదాకా ఎవరూ లోపలికి పోలేదు. అప్పటికి గాని హన్మవ్వ కూర్చుని పళ్లెం ముందుకు లాక్కోలేదు.

"పప్పు ఇంక వేడే ఉంది," అంది. పొగిడిందో తిట్టిందో ఆమెకే తెలియాలి.

 మర్నాటి సాయంత్రం వాకిట్లోంచి చూశాను. కోడలు నీళ్లకు వెళ్లిన సందు చూసి, హన్మవ్వ గూట్లోని పిన్ను తెచ్చి స్టవ్వు పక్కన పెట్టింది.