నిమ్మకొమ్మ మీద మిగిలిన ఒక్క ప్యూపా

ఉద్యమం వల్ల కాలేజీ మూసేశారని తెలిసేసరికి నా జువాలజీ రికార్డులో ఒక్క పాఠమే మిగిలింది: సీతాకోకచిలుక జీవితదశలు. గుడ్డు నుంచి రెక్కల దాకా ఆరు గడుల్లో ఆరు బొమ్మలు గీసి, మేడమ్ చేత సంతకం చేయించుకోవాలి. సంతకం లేకపోతే ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వరు. ఉద్యమం ఎన్నాళ్లు సాగుతుందో, పరీక్షలు అసలు ఉంటాయో లేదో చెప్పేవాళ్లు లేరు. నేను నాలుగు నెలల పాపతో చేవెళ్లలో పుట్టింట్లో ఉన్నాను. పాప నిద్రపోగానే ప్రయోగశాల గుర్తొచ్చేది. ఫార్మలిన్ వాసన కోసం ఎవరైనా బెంగపెట్టుకుంటారా? నేను పెట్టుకున్నాను.

మా బాపు తోటలో నిమ్మచెట్ల మీద పురుగులకు కొదవ లేదు. చిన్నప్పుడు పిట్టరెట్టలా ఉండి, పెరిగాక ఆకుపచ్చగా మారతాయి. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ముల జత బయటపెట్టి ఘాటైన వాసన కొడతాయి. అయిదింటిని తెచ్చి వసారాలో కొమ్మల మీద పెంచాను.

"చెట్లను మేసే పురుగులకు కావలి గాస్తున్నవా బిడ్డా? నీ చదువు నా తోటకొచ్చింది" అని బాపు నవ్వేవాడు.

ఒక్కొక్కటే కొమ్మకు ఆనుకుని, నడుముకు సన్నని పట్టుదారం కట్టుకుని, చివరి చర్మం విడిచి, పెంకు కట్టిన ప్యూపా అయింది. తర్వాత కదలిక లేదు. మూడో రోజుకు నాకు ఓపిక చచ్చింది. లోపల సగం పురుగు, సగం సీతాకోకచిలుక ఉంటుందని, ఆ సగాన్ని చూసి గీయొచ్చని అనుకున్నాను. బ్లేడుతో ఒకదాన్ని కోశాను. మీగడలాంటి చిక్కటి ద్రవం కారింది. కాళ్లు లేవు, రెక్కలు లేవు.

కుళ్లిపోయిందనుకున్నాను. తెగులు అన్నిటికీ అంటి ఉంటుందని మరో మూడింటిని ఎరువు గుంతలో పారేశాను. అయిదోదాన్ని కూడా తీయబోతుంటే వేళ్ల మధ్య దాని తోక భాగం చటుక్కున మెలితిరిగింది. భయపడి వదిలేశాను.

వారం తిరిగేసరికి అది నల్లబడింది. చచ్చిందో, బతికిందో చెప్పగలిగింది మేడమ్ ఒక్కరే. కాలేజీ మూసినప్పటి నుంచి ఆమె మొయినాబాద్‌లో అత్తగారింట్లోనే ఉంటున్నారు. తెల్లవారి పాపకు పాలిచ్చి, అమ్మకు అప్పగించి, కొమ్మను టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, నాలుగు గడులు నిండిన రికార్డుతో మొదటి బస్సెక్కాను.

"జల్దిన రా బిడ్డా, పొద్దెక్కితే పోరి ఆగది" అంది అమ్మ.

మేడమ్ బియ్యం ఏరుతున్నారు. చేట పక్కన పెట్టి, ప్యూపాను వెలుగులోకి పట్టారు.

"నలుపు గాదు, రెక్కల రంగు. పెంకులోంచి కనపడుతున్నది. ఇయ్యాలనే వస్తది. మిగిలినవి ఏవి?"

చెప్పాను. ఆమె కొమ్మను మళ్లీ డబ్బాలో పెట్టి, మూత లేకుండా కిటికీ దగ్గర ఉంచారు.

"అది కుళ్లు గాదమ్మా. పురుగు తన కండలను తానే కరిగించుకుంటది. కానీ అంతా కరగదు. రెక్కలకు, కాళ్లకు, కండ్లకు చిన్న చిన్న మొగ్గలు పురుగులో ఉన్నప్పటి నుంచే ఉంటయి. కరిగినదాన్నే తిని అవి పెరుగుతయి. గాలిగొట్టాలు చాలావరకు ఉంటయి. గుండె గూడ కొట్టుకుంటనే ఉంటది. నువ్వు కోసింది బతికున్నదాన్ని."

"మరి ఆ మూడు?"

"ఆ మూడు గూడ."

నా రవిక తడిసింది. పాపకు పాల వేళ అయింది. కొంగు సర్దుకుని డబ్బా వైపే చూస్తూ కూర్చున్నాను.

పదిన్నరకు పెంకు పగిలింది. తడిసిన కాగితం ముద్దలా ఒక ప్రాణి బయటికొచ్చి, పాకుతూ కిటికీ తెర ఎక్కి వేలాడింది. రెక్కలు గోరంత, అన్నీ ముడతలు. పొట్ట పెద్దగా ఉబ్బి ఉంది.

"ఇగ జూడు, పొట్టలోని నీరు రెక్కల్లోకి కొడతది. పావుగంటల విచ్చుకుంటయి" అన్నారు మేడమ్.

అయిదో గడి గీస్తున్నాను. అప్పుడే మేడమ్ మరిది వీధిలోంచి లోపలికొచ్చాడు.

"వదినా, పట్నం దిక్కు లొల్లి అయిందట. బస్సులు బందు. చేవెళ్లకు నిలబడ్డ బస్సే ఆఖరుదట."

పావుగంట. నేను తెర వైపు చూశాను. ముడతలు ఇంకా విప్పుకోలేదు.

"పుస్తకం చూసి గీసెయ్యనా మేడమ్?"

"చూడనిది గీయకు." ఆమె రికార్డు తీసుకుని, ఖాళీ గడి కిందనే సంతకం పెట్టారు. "పో, పసిపిల్ల ఎదురు చూస్తుంటది."

పరుగెత్తాను. బస్సు వెనక సీట్లో కూర్చుని మొయినాబాద్ వైపు తిరిగి చూస్తూనే, చేవెళ్ల ఎప్పుడొస్తుందా అని ఏడ్చాను. ఇంటికి చేరేసరికి పాప ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది.

పరీక్షలు చాలా ఆలస్యంగా జరిగాయి. ఆరో గడి ఖాళీ ఎందుకని బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు అడిగాడు.

"బస్సు వచ్చింది సార్" అన్నాను. ఆయన నవ్వలేదు. మార్కులు కోశాడు. అయినా పాసయ్యాను.

ఇప్పుడు పాపకు రెండేళ్లు. ఆ తర్వాత ఎన్నో సీతాకోకచిలుకలను చూశాను, అన్నీ అప్పటికే రెక్కలు విప్పుకున్నవే. నిమ్మచెట్టు కింద నిలబడి ఏదైనా ప్యూపా నల్లబడిందేమో అని వెతికే తీరిక ఇంకా దొరకలేదు.