పెయింట్ బూత్ అప్పు, పదకొండు వాయిదాలు

విజయవాడ ఆటోనగర్లో మా మామయ్యకీ ఆయన స్నేహితుడికీ సగం సగం వాటాలతో లారీ బాడీలు కట్టే షెడ్డు ఉండేది. ఆ స్నేహితుణ్ణి నేను బాబాయ్ అనేవాణ్ణి. లెక్కలు నావి. బీకాం పాసయ్యానన్న కారణంతో మామయ్య నన్ను నమ్మాడు. ఆయన నమ్మిన కారణాల్లో అంత బలహీనమైనది ఇంకొకటి లేదు.

మార్చి నెలాఖరుకి బాబాయ్ వాటా తీసుకుని బయటికి వచ్చేయాలనుకున్నాడు. ఉయ్యూరులో హార్డ్‌వేర్ షాపు మాట్లాడుకుని, చేతిలో ఉన్నది అడ్వాన్సుగా ఇచ్చేశాడు. మిగతాది మా దగ్గర వచ్చే డబ్బుతో కట్టాలి. నా లాభనష్టాల పట్టీ చూసి, ఆ అంకెను నమ్మే ఆయన షాపువాడికి మాటిచ్చాడు.

సెటిల్‌మెంటుకి ముందురోజు ఆడిటరు గారు ఫోన్ చేశారు. "పెయింట్ బూత్ లోను బ్యాలెన్సు బ్యాంకు నుంచి తెప్పించావా?"

తెప్పించాను. బ్యాంకు కాగితంలో 17,16,746 ఉంది. మా పుస్తకంలో 14,87,021. నేను మొదట బ్యాంకే తప్పు చేసిందనుకున్నాను. ఆ ఆనందం పది నిమిషాలు నిలిచింది.

లారీలకి రంగు కొట్టే ఆ బూత్ కట్టడానికి కిందటి ఏడు ఏప్రిల్లో ఇరవై లక్షల లోను మంజూరైంది. బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు ఇరవై వేలు, దాని మీద జీఎస్టీ 3,600 ముందే కోసుకుని మిగతా 19,76,400 ఖాతాలో వేసింది. నేను వచ్చింది వచ్చినట్టే అప్పుగా రాశాను. రాయాల్సింది నిండా ఇరవై లక్షల అప్పు. ఫీజు ఖర్చులోకి, జీఎస్టీ క్రెడిట్‌లోకి, అంటే తర్వాత మేం కట్టే పన్నులో తగ్గించుకునేదాన్లోకి. అది చిన్న పాపం. పెద్దది ప్రతి నెలా చేశాను. వాయిదా 44,489 కట్టగానే దాన్నంతా అప్పులోంచి తీసేశాను. నిజానికి మొదటి నెల వాయిదాలో ఇరవై వేలు వడ్డీ. అసలు తగ్గింది 24,489 మాత్రమే. పదకొండు నెలల్లో 2,06,125 రూపాయల వడ్డీ నా పుస్తకంలో ఎక్కడా లేదు. ఖర్చు లేదు గనక లాభం ఉంది. ఫీజుతో కలిపి రెండు లక్షల ఇరవై ఆరు వేల లాభం నేను పుట్టించాను. అందులో సగం, లక్షా పదమూడు వేలు, బాబాయ్ అప్పుడే షాపు లెక్కలో వేసేసుకున్నాడు.

మామయ్యకి చెబితే ఆయన కంప్రెసర్ వైపు చూశాడు. అది ఆగిపోయి ఉంది.

"రేపు వాడు ఏమనుకుంటాడో తెలుసా? వెళ్ళిపోయేరోజున మేనల్లుడు లెక్క మార్చాడంటాడు."

"అనుకోడానికి అన్నీ ఉన్నాయి మామయ్యా. మేనల్లుడూ, లెక్కా, మార్పూ."

ఆయన నవ్వలేదు.

మర్నాడు పొద్దున బాబాయ్ వచ్చి, నేను చెప్పింది మొదటినుంచి చివరిదాకా విన్నాడు. కుర్చీలో కూచోలేదు.

"ఇన్నాళ్ళూ నెలనెలా నాకు చూపించిన లాభం ఎవరు రాశార్రా?"

"నేనే బాబాయ్."

"ఇప్పుడు తగ్గించింది?"

"అదీ నేనే."

"మరి నేను ఎవర్ని నమ్మాలి, అప్పటి నిన్నా, ఇప్పటి నిన్నా?"

వెల్డరు ముసుగు ఎత్తి మా వైపు చూశాడు. ఏదో జోకు వెయ్యబోయాను, నోట్లోనే పోయింది.

"నన్ను నమ్మొద్దు బాబాయ్. బ్యాంకుకి పదండి."

బండి మీద వెనక కూచున్నాడు గానీ దారంతా నా భుజం పట్టుకోలేదు. స్పీడ్ బ్రేకర్ల దగ్గర కూడా. బ్యాంకులో లోన్ల ఆఫీసరు వాయిదాల పట్టిక ప్రింటు తీసిచ్చింది: నెల, వాయిదా, వడ్డీ, అసలు, మిగిలిన బాకీ. బాబాయ్ బల్ల అంచున కూచుని జేబులోంచి తన చిన్న కాలిక్యులేటర్ తీసి వడ్డీ కింద ఉన్న పదకొండు అంకెలూ కూడాడు. రెండోసారి కింద నుంచి పైకి కూడాడు. రెండుసార్లూ నేను చెప్పిన అంకే వచ్చింది.

"మొదట్లో వడ్డీయే ఎక్కువ తింటుందమ్మా?"

"అవునండీ. బాకీ తగ్గేకొద్దీ వడ్డీ తగ్గుతుంది, అసలు పెరుగుతుంది."

షెడ్డుకి తిరిగొచ్చాక మామయ్య కొత్త అంకెతో చెక్కు రాసి, "ఆ లక్షా పదమూడూ చేబదులుగా నా దగ్గర తీసుకోరా, షాపు పోకుండా ఉంటుంది" అన్నాడు.

"వద్దులే. అది కూడా వీడు లాభంలో రాస్తాడు."

మామయ్యకి నవ్వు రాలేదు. జోకు బానే ఉంది. నాది కాదు గనక ఒప్పుకోగలను.

బాబాయ్ విడిపోయే కాగితాల మీద సంతకాలు పెట్టి చెక్కు జేబులో వేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, బ్యాంకు ప్రింటు కోసం చెయ్యి చాపాడు.

"ఇది నాకివ్వు. తక్కువెందుకొచ్చిందని ఇంట్లో మీ పిన్ని అడుగుతుంది."