సెట్టులో తప్పు లేదు

మా నాన్న కట్టుడు పళ్లు తయారుచేస్తాడు. నలభై ఆరేళ్లుగా అదే పని. పళ్ల డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపిస్తారు. వాటిలో ప్లాస్టరు పోసి, మైనంలో పళ్లు పేర్చి, పళ్ల సెట్టు తయారుచేసి తిరిగి పంపిస్తాం. మేం అంటే ఆయనా, నేనూ. నాన్నని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ, అందరూ సెట్టు మేస్త్రి అనే అంటారు. డెబ్బై మూడేళ్లు. ఆయన నోట్లో ఉన్న పళ్లు కూడా ఆయన చేసుకున్నవే. ఆ సంగతి అడగనివాళ్లకి కూడా చెప్తాడు.

ఆయనకి ఒక పట్టుదల ఉంది. ఎవరైనా నొప్పి అని సెట్టు వెనక్కి పంపితే, "పెద్దావిడకి ఓపిక లేదు" అని నేనంటే ఊరుకోడు. "నోటి మీద నెపం వెయ్యకు. తప్పు మన పనిలోనే ఉంటుంది, వెతుకు" అంటాడు. ఆ మాట మీదే నన్ను పెంచాడు. ఆ మాటే మా కొంప ముంచింది.

మొదట భోజనం దగ్గర గమనించాను. తినడం మొదలుపెట్టేటప్పుడు బాగానే ఉంటాడు. నాలుగైదు ముద్దలయ్యాక దవడ పట్టుకుని ఆగిపోతాడు. కాసేపు నమలకుండా కూర్చుంటే తగ్గుతుంది, మళ్లీ మొదలుపెడితే మళ్లీ వస్తుంది.

"ఏంటి నాన్నా?"

"కుడివైపు కాస్త ఎత్తొచ్చింది. అరగదియ్యాలి."

నీలం రంగు కాగితం పళ్ల మధ్య పెట్టి కొరకమన్నాను. ఎక్కడ ఎత్తుంటే అక్కడ రంగు ముదురుగా అంటుకుంటుంది. రెండువైపులా సమానంగా పడింది. చూపించాను. "నీకు తెలీదు, ఒక్క వెంట్రుకంత ఉంది" అన్నాడు. అరగదీసే మోటారు మీద పెట్టి వెంట్రుకంత తీశాను. మూడు రోజులకి ఇంకో వెంట్రుక. తర్వాతి వారం ఎడమవైపు. మంచి సెట్టుని చేతులారా పాడుచేస్తున్నానని తెలుస్తూనే ఉంది, అయినా తీశాను. ఆయన మాట కాదని గెలిచినవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు.

మాకు పనిచ్చే పళ్ల డాక్టరమ్మకి చూపిద్దామన్నాను. ఒళ్లు మండిపోయింది ఆయనకి. "నేను చేసుకున్న సెట్టుని ఆ పిల్లకి చూపించి సరిచెయ్యమనాలా?" ఆ పిల్లకి యాభై ఏళ్లు. మా పనిలో ఎక్కువ భాగం ఆవిడ దగ్గర్నుంచే వస్తుంది.

ఇంకా ఉన్నాయి. తలకి పెట్టుకునే భూతద్దం పట్టీ కణతల దగ్గర నొక్కుతోందని కొత్త పట్టీ తెప్పించాడు. అదీ నొక్కిందట. దువ్వెన పళ్లు గుచ్చుకుంటున్నాయని దువ్వుకోవడం మానేశాడు. పొద్దున్నే భుజాలు పైకి లేవకపోతే బల్ల ఎత్తు సరిగా లేదని బల్ల కాళ్లు కోయించాడు. మనిషి చిక్కిపోయాడు. సరిగా తినలేకపోతే చిక్కరా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పట్టీది తప్పు, దువ్వెనది తప్పు, బల్లది తప్పు. లోకంలో ప్రతి వస్తువుకీ తప్పుంది, ఆయన ఒంటికి తప్ప.

ఆరు వారాలకి నా ఓపిక చచ్చిపోయింది. ఒకరోజు పొద్దున్న, డాక్టరమ్మ ఏదో అచ్చు గురించి మాట్లాడాలంటోందని అబద్ధం చెప్పి క్లినిక్కి తీసుకెళ్లాను. లోపలికి వెళ్లాక నిజం చెప్పేశాను. నాన్న నా వంక చూడటం మానేశాడు.

డాక్టరమ్మ చిగుళ్లు చూసింది. ఎక్కడా ఒరిపిడి లేదు, పుండు లేదు. నోరు పూర్తిగా తెరుచుకుంటోంది, దవడ కీలు దగ్గర చప్పుడు లేదు.

"మేస్త్రిగారూ, నొప్పి మొదటి ముద్దకే వస్తుందా, తర్వాత వస్తుందా?"

"నాలుగో ఐదో ముద్దకి. ఆపితే పోతుంది."

ఆవిడ చేతిలో ఉన్న అద్దం పక్కన పెట్టింది. "సెట్టు ఎత్తుంటే మొదటి ముద్దకే నొప్పెట్టాలి కదండీ. మీకు తెలియంది కాదు."

నలభై ఆరేళ్ల అనుభవం ఒకరిది, ఇరవై ఏళ్లది ఒకరిది, ఇద్దరికీ తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

నాన్న కుడి కణత మీద ఆవిడ వేలు ఆనించింది. నాన్న తల వెనక్కి లాక్కున్నాడు. "ఇక్కడ రక్తనాళం తాడులా గట్టిపడింది, చూడు" అని నా వేలు పెట్టించింది. నిజమే. ఎడమవైపు నాడి కొట్టుకోవడం తెలుస్తోంది, కుడివైపు తెలియడం లేదు.

"కళ్లెలా ఉన్నాయి?"

"ఈ వయసులో మసక ఉండదా?"

ఆవిడ అప్పటికే ఫోన్ తీసింది. పెద్దాసుపత్రిలో తెలిసిన డాక్టరుతో మాట్లాడి, చీటీ రాసి నా చేతిలో పెట్టింది. "కణత దగ్గర రక్తనాళం గోడ వాచినట్టుంది. రక్తం చాలక నమిలే కండరం అలిసిపోతోంది, అదే ఆ దవడ నొప్పి. యాభై దాటినవాళ్లకి వస్తుంది. కంటికెళ్లే నాళం కూడా మూసుకుపోతే చూపు పోతుంది, పోయింది తిరిగి రావడం చాలా కష్టం. ఇంటికెళ్లొద్దు, ఇటునుంచి ఇటే వెళ్లండి."

"బల్ల మీద మైనం పనుంది" అన్నాడు నాన్న.

"నాన్నా, నోరు మూసుకుని ఆటో ఎక్కు" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని అలా అనడం అదే మొదటిసారి. ఎక్కాడు.

ఆసుపత్రిలో రక్తం తీశారు. వాపు లెక్క చెప్పే పరీక్షలో ఇరవై, ముప్పై ఉండాల్సినచోట తొంభై ఎనిమిది వచ్చింది. కంటి డాక్టరు నాన్న ఎడమ కన్ను మూయించి, వేళ్లు చూపించి ఎన్నని అడిగాడు. నాన్న చెప్పలేదు. దగ్గరికి తెచ్చి అడిగాడు. నాన్న చెయ్యి చాపి గాలిలో తడుముకున్నాడు. నేను గోడ వైపు తిరిగిపోయాను.

వెంటనే నరానికి స్టెరాయిడ్ ఎక్కించడం మొదలుపెట్టారు. కణత దగ్గరి నాళం ముక్క తీసి పరీక్ష చెయ్యాలి కానీ దానికోసం మందు ఆపకూడదట, నాలుగు రోజులాగి తీసినా జబ్బు కనిపిస్తుందట. అలాగే తీశారు, అదే జబ్బని తేలింది. రెండో రోజుకే కణత నొప్పి పోయింది. మూడో రోజు నాన్న రొట్టె మొత్తం ఆగకుండా నమిలి తిన్నాడు. అరగదీసి అరగదీసి పాడుచేసిన ఆ సెట్టుతోనే తిన్నాడు. ఎడమ కన్ను నిలబడింది. ఏడాదో రెండేళ్లో మాత్రలు మింగాలి, మోతాదు మెల్లగా తగ్గిస్తారు, సొంతంగా ఆపకూడదు. షుగరు, ఎముకలు చూపించుకుంటూ ఉండాలి. కుడి కన్ను మాత్రం రాలేదు.

డిశ్చార్జి రోజు కంటి డాక్టరు అడిగాడు. "పూర్తిగా పోకముందు ఆ కంట్లో నీడలాంటిది వచ్చి పోయిందా?"

"వచ్చింది. ఐదారుసార్లు. కొద్ది నిమిషాలుండి పోయేది."

"ఎప్పుడు?"

"మూడు వారాల కిందట మొదలైంది."

"అప్పుడే వచ్చుంటే ఈ కన్ను కూడా దక్కేదేమో" అని డాక్టరు కాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

అప్పటిదాకా బిగపట్టుకున్నదంతా నాన్న మీదికి వచ్చేసింది. "మూడు వారాలా? పక్కనే కూర్చుంటాను కదా, ఒకే బల్ల కదా. ఒక్క మాట నాతో చెప్పడానికి ఏమైంది నీకు?"

నాన్న బట్టల సంచీ ఒళ్లో పెట్టుకుని మంచం అంచున కూర్చున్నాడు. ఆయనకి కోపం రాలేదు. తలంతా నా వైపు తిప్పి, ఉన్న కంటితో చూశాడు.

"చెప్పానమ్మా. వెలుగు తగ్గిపోతోంది, బల్బు మార్చమన్నాను కదా."

అన్నాడు. రెండుసార్లు అన్నాడు. రెండుసార్లూ బజారుకెళ్లి కొనుక్కొచ్చి నేనే మార్చాను.