తప్పంతా హాట్ ప్లేటుదే

కాఫీ గింజలు వేయించి, పొడి చేసి అమ్మే ఆ కంపెనీలో ఆయన్ని అందరూ నాలుక మాస్టారు అనేవారు. ఏ సరుకు బయటికి వెళ్లాలో, ఏది గోదాములోనే ఆగిపోవాలో ఆయన ఒక్క చెంచాడు జుర్రి చెప్పేవాడు. ఆయన సరే అంటే సరే. ఆ తర్వాత యజమాని కూడా మళ్లీ అడిగేవాడు కాదు.

ఆ పేరు మాత్రం ఆయనకి నచ్చేది కాదు. కొత్తగా పనిలో చేరినవాళ్లకి మొదటిరోజే చెప్పేవాడు. "నాలుకకి ఏం తెలుసు? పులుపు, చేదు, తీపి, ఇంకో రెండు. కాఫీని కాఫీ అని గుర్తుపట్టేది ముక్కు. కష్టం ముక్కుది, పేరు నాలుకది."

ఆయన ఆ రుచి చూసే గదిలోకి వచ్చింది కూడా ముక్కు పుణ్యమానే. కుర్రతనంలో అక్కడే బస్తాలు మోసేవాడు. ఒకరోజు బయట లారీ దగ్గర నిలబడి, లోపల గింజలు మాడుతున్నాయని అరిచాడు. వేయించేవాడు పొయ్యి పక్కనే ఉన్నాడు గానీ వాడికింకా తెలీలేదు. అప్పటి యజమాని బస్తా దింపించి, చేతికి చెంచా ఇచ్చాడు. అక్కణ్ణుంచి ఆయన వెనక్కి చూసుకోలేదు. సెంటు పూసుకున్నవాళ్ల పక్కన కూర్చునేవాడు కాదు, పెళ్లిళ్లకి వెళితే వాకిట్లోంచే తిరిగొచ్చేవాడు. మనిషి కొంచెం చాదస్తం. ఆ చాదస్తమే ఆయన ఇంటికి అన్నం పెట్టింది.

ఇక ఆ చాదస్తంతో వేగలేక చస్తుండేది ఆయన భార్య. ఇంట్లో కాఫీ మిగిలితే పారబొయ్యాల్సిందే, వెచ్చబెట్టడానికి వీల్లేదు. కూతురు మైక్రోవేవ్ కొనిచ్చినప్పుడు ఆయన దాని తలుపు మీద చెయ్యి వేసి మరీ చెప్పాడు.

"ఇందులో ఏమైనా పెట్టుకో. కాఫీ మాత్రం పెట్టకు. వాసన ఒకసారి ఎగిరిపోయాక ఎంత వేడి చేసినా తిరిగి రాదు. వచ్చేది వేడి ఒక్కటే. శవానికి పౌడరు పూసినట్టుంటుంది."

"పొద్దున్నే ఆ మాటలేంటండీ," అని ఆవిడ కసిరింది. కానీ ఆయన మాట జవదాటలేదు. దాటినా దొరికిపోయేది. ఒకసారి చుట్టాలొచ్చిన హడావిడిలో మిగిలింది వెచ్చబెట్టి ఇస్తే, కప్పు నోటిదాకా కూడా పోనివ్వకుండా పక్కన పెట్టేశాడు.

అలాంటి మనిషికి చలికాలంలో జ్వరం వచ్చింది. వారం తిరిగేసరికి తగ్గింది. జ్వరం పోతూ పోతూ ముక్కుని పట్టుకుపోయింది.

మొదట జలుబు అనుకున్నాడు. తర్వాత సబ్బు, మిరియాలు, తన చెమట, ఏదీ తెలియకపోయేసరికి డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. డాక్టరు, "రావచ్చు, రాకపోవచ్చు, చూద్దాం," అన్నాడు. ఆ "రావచ్చు" ఒక్కటే చెవిలో వేసుకుని ఆయన పనిలోకి వెళ్లిపోయాడు. ఎవరికీ చెప్పలేదు. భార్యకి కూడా చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం.

పని ఎలా చేశాడంటే, దొంగతనంగా చేశాడు. పులుపూ చేదూ నాలుక చెప్పేది. మిగతాది పక్కన నిలబడే శిష్యురాలి మొహంలో చదివేవాడు. ఆ అమ్మాయికి మంచి వాసన తగిలితే కనుబొమలు పైకి లేచేవి, చెడ్డదైతే పెదవి ఓ పక్కకి పోయేది. "ఏమంటారు గురువుగారూ?" అని ఆమె అడిగేసరికి ఈయన సమాధానం సిద్ధంగా ఉండేది. శిష్యురాలి మొహం చూసి బతుకుతున్నానని రోజూ తల కొట్టేసినట్టుండేది. రోజూ వెళ్లేవాడు.

ఆ అమ్మాయి సెలవు పెట్టిన రోజున ఒక సరుకు వచ్చింది. చూడాల్సిన మొహం లేదు. నాలుకకి తేడా ఏమీ తగల్లేదు. సరే అనేశాడు.

కొన్నాళ్లకి ఒక పెద్దాసుపత్రి క్యాంటీన్ నుంచి ఫిర్యాదు వచ్చింది. కాఫీ కంపు కొడుతోందని రోగుల బంధువులు కప్పులు బల్లల మీదే వదిలేసి పోతున్నారట. పొడిది తప్పా, కాచేవాళ్లది తప్పా తేల్చమని కంపెనీ నాలుక మాస్టారినే పంపింది. ఇంకెవర్ని పంపుతుంది?

క్యాంటీన్ ఆసుపత్రి వెనక, రక్తపరీక్షల గది పక్కన ఉంది. కాఫీ కాచేది నడివయసు మనిషి. నర్సుల దగ్గర్నుంచి వార్డు బాయ్‌ల దాకా ఆమెని అక్కా అనే పిలుస్తారు. బల్ల మీద హాట్ ప్లేటు, దాని మీద గాజు జగ్గు, అందులో అడుగున మిగిలిన నల్లటి కాఫీ. గాజుకి లోపలివైపు ఎండిన గోధుమరంగు గీతలు కట్టాయి. కాఫీ ఎక్కడిదాకా ఉండి ఎంత ఇగిరిందో ఆ గీతలే చెబుతున్నాయి. క్యాంటీన్ మేనేజరు చేతులు కట్టుకుని ఆమె వెనకే నిలబడ్డాడు. మనిషిని తీసెయ్యడానికి కారణం కోసం చూస్తున్నవాడిలా ఉన్నాడు.

ఆయన చెంచాతో జుర్రాడు. పులుపు, దాని వెనకే చేదు, నాలుక పిడచగట్టింది. ఇది ఆయనకి బాగా తెలిసిన సంగతి. చాలా రోజుల తర్వాత తనకి తెలిసిన సంగతి దొరికేసరికి ప్రాణం లేచొచ్చింది.

"ఇది పొద్దుటి నుంచీ ప్లేటు మీదే ఉందా?"

"ఉంది సార్," అంది అక్క. "ఒకేసారి ఎక్కువ కాచి పెట్టమని మేనేజరుగారే అన్నారు."

మేనేజరు కిటికీలోంచి బయటికి చూశాడు.

"చూడమ్మా, కాఫీ దిగాక దానికి ఇంక మంట అక్కర్లేదు. కింద వేడి తగులుతున్నంతసేపూ అది ఉడుకుతూనే ఉంటుంది. లోపలున్నవి విరిగి పులుపెక్కుతాయి, చేదెక్కుతాయి. నీళ్లు ఇగిరి చిక్కబడుతుంది. వాసనేమో ఆవిరితో పోతుంది. కాచిన వెంటనే ఫ్లాస్కులో పోసి మూతపెడితే ఇంత పాడవదు."

అక్క అంతా విని తలూపింది. "అది నాకూ తెలుసు సార్. ప్లేటు మీదది బాగోదు, కాదనను. కానీ వాళ్లు తిడుతున్నది దాన్ని కాదు. పొద్దున మొదటి కప్పే కంపు కొడుతోంది. ఉండండి, మీ ముందే కాస్తాను."

కొత్త ప్యాకెట్టు విప్పి, జగ్గు కడిగి, నీళ్లు మరిగించి కాచింది. కప్పు ఆయన చేతికిచ్చింది. "వాసన చూడండి సార్. మీరే చెప్పండి."

ఆయన కప్పు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మొహానికి వెచ్చగా ఆవిరి తగిలింది. అంతే, ఇంకేమీ లేదు. గోడకి ముక్కు పెట్టినా అంతే ఉండేది. తాగాడు. పులుపు సరిగ్గా ఉంది, చేదు సరిగ్గా ఉంది. అక్క మొహంలోకి చూశాడు. ఆ మొహం కనుబొమలు లేపలేదు, పెదవి విరవలేదు. ఆయన నోటివైపే చూస్తోంది. ఆ నోటిలోంచి వచ్చే మాట మీద తన ఉద్యోగం ఉందని ఆమెకి తెలుసు.

ఏమీ తెలియడం లేదని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అంటే తన పని అయిపోతుంది.

"పొడిలో లోపం లేదు," అన్నాడు. "తప్పంతా హాట్ ప్లేటుదే."

అక్క ఆయన చేతిలోంచి కప్పు తీసుకుని సింకులో వొంపేసింది. విప్పిన ప్యాకెట్టుని ఆయన నమూనాగా తన సంచీలో వేసుకున్నాడు. వారంలో ఆమెని క్యాంటీన్ నుంచి తీసేశారు. ఆ సంగతి కంపెనీ గుమాస్తా నవ్వుతూ చెప్పాడు, "మీ నాలుకకి తిరుగులేదు మాస్టారూ," అని.

హాట్ ప్లేటు కాఫీ పాడవడం అబద్ధం కాదుగా అని ఆయన తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. ఆ సర్దుబాటు ఆ సాయంత్రం దాకానే నిలిచింది.

ఇంటికి రాగానే భార్య కాఫీ ఇచ్చింది, పాలూ చక్కెరా లేకుండా, ఆయన ఎప్పుడూ తాగేదే. ఆయన ఓ గుక్క తాగి, "బాగుంది. ఇవాళ పొడి ఓ చిటికెడు ఎక్కువ పడినట్టుంది, కొంచెం చేదు తేలింది," అన్నాడు.

ఆవిడ వచ్చి ఎదురుగా కూర్చుంది. "అది పొద్దున మిగిలింది. మైక్రోవేవ్‌లో వెచ్చబెట్టాను."

ఆయన కప్పులోకి చూశాడు.

"మొదట పొరపాటున ఇచ్చాను. నాకోసం వెచ్చబెట్టుకున్న కప్పు మీ దగ్గరికొచ్చింది. చంపేస్తారనుకున్నాను. హాయిగా తాగేశారు. అప్పట్నుంచీ కావాలనే ఇస్తున్నాను. ఏ ఒక్కరోజైనా విసిరికొడతారేమోనని చూస్తున్నానండీ." ఆవిడ కప్పు తన వైపు లాక్కుంది. "ఎప్పట్నుంచి తెలీడం లేదు మీకు?"

హాట్ ప్లేటు మీద ఉడికిన కాఫీని నాలుక పట్టేసింది. ఒక్క నిమిషం వెచ్చబెట్టినదాంట్లో పోయింది ముఖ్యంగా వాసనే. వాసన లేదన్న సంగతి నాలుకకి తెలీదు, అది ముక్కు చెప్పాలి. శిష్యులకి తాను ఇన్నేళ్లూ చెప్పిన పాఠం ఇదే కదా అని ఆయనకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకోకుండానే లేచి, సంచీలోంచి క్యాంటీన్‌లో విప్పిన ప్యాకెట్టు తీసి ఆవిడకిచ్చాడు.

"వాసన చూసి చెప్పు."

ఆవిడ దగ్గరికి తీసుకుని చప్పున మొహం తిప్పేసుకుంది. "ఛీ. వానకి తడిసి ముక్కిన గోనెసంచిలా ఉంది. ఎవరు తాగుతారండీ దీన్ని?"

మర్నాడు ఆయన కంపెనీలో ఉన్నదున్నట్టు చెప్పేశాడు. యజమాని, సరుకు చడీచప్పుడు లేకుండా మార్చేద్దామనీ, మాస్టారు ఇక విశ్రాంతి తీసుకోవచ్చనీ అన్నాడు. చెంచా మాత్రం ఉంచుకోమన్నాడు. ఆయన దాన్ని శిష్యురాలి బల్ల మీద పెట్టేసి వచ్చాడు.

అక్కణ్ణుంచి ఆసుపత్రికి వెళ్లాడు. తప్పు పొడిదేనని చెబితే క్యాంటీన్ మేనేజరు విన్నాడు గానీ తలకెక్కించుకోలేదు. "ఇప్పుడు వేరే మనిషిని పెట్టేశామండీ. అయినా ఆవిడ కాఫీని హాట్ ప్లేటు మీద పెట్టిన మాట నిజమేగా? మీరేగా చెప్పారు."

అక్క అదే ఆసుపత్రిలో, మూడో అంతస్తు వరండా తుడుస్తోంది. క్యాంటీన్ పోయాక దొరికింది అదేనట, జీతం కూడా తక్కువేనట. ఆయన్ని చూసి తుడుపు కర్ర ఆపింది గానీ పలకరించలేదు.

"పొడిదే తప్పమ్మా," అన్నాడు ఆయన. "నీది కాదు."

"నాకు తెలుసు సార్. నాకు ముక్కుంది."

"నాకు లేదమ్మా. జ్వరం వచ్చి పోయింది. ఆరోజు నువ్విచ్చిన కప్పులో నాకేమీ తెలీలేదు."

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. కంపెనీ డబ్బిచ్చి అబద్ధమాడించిందని ఇన్నాళ్లూ తిట్టుకుని ఉంటుంది. ఆ కోపం పోయే చోటు లేక మొహంలోనే ఆగిపోయింది.

"తెలీలేదనే ఆరోజు అనుంటే," అంది మెల్లగా, "పక్కనున్న రక్తపరీక్షల గదిలోంచి నర్సుని పిలిచేదాన్ని. ఆవిడ వాసన చూసి చెప్పేది కదా సార్."

నిజంగానే అంత చిన్న పని అది. ఆమె బకెట్టు ఆయన కాళ్ల దగ్గర్నుంచి అవతలికి జరుపుకుని, ఆయన నిలబడ్డ చోటు వదిలేసి చుట్టూ తుడుచుకుంటూ వెళ్లింది. నేల మీద ఫినాయిలు నీళ్ల తడి మెరుస్తోంది. అది ఘాటుగానే ఉండి ఉంటుంది, ఎందుకంటే పక్కనుంచి వెళ్లేవాళ్లు ముక్కుకి చేతిగుడ్డ అడ్డం పెట్టుకుంటున్నారు.