కీరా ముక్కల మీద కండ

గుణదల జాన్ పాల్ రోజూ అన్నానికి ముందు గిన్నెడు కీరా ముక్కలు తిని, లీటరు నీళ్లు తాగుతాడు. తర్వాత పళ్లెంలో సగం అన్నం మిగిలిపోతుంది. యాభై రెండు కిలోల మనిషి కండ పెంచుకునే పద్ధతి ఇది. జిమ్‌కి పొట్ట తగ్గించుకోవడానికి వచ్చే పెద్దమనుషులు ఉదారంగా నేర్పారు. వాళ్ల పొట్టలు అలాగే ఉన్నాయి.

ఈ నెల కూడా బరువు పెరగకపోతే జిమ్ మాన్పిస్తానని నాయనమ్మ శౌరమ్మ తేల్చేసింది. జాన్ పాల్ హడలిపోయి ట్రైనర్ అమన్‌ని పట్టుకుని తన కీరా పద్ధతంతా చెప్పాడు.

"ఇంకా తినాలంటే పొట్టలో చోటు లేదు సార్."

"ఉన్న చోటంతా కీరాకిచ్చేశావు కదయ్యా! అది సన్నబడేవాళ్ల తిండి. అన్నంలో చెంచాడు నెయ్యి వేసుకో, గుడ్లు మానకు. భోజనానికీ భోజనానికీ మధ్య పాలల్లో అరటిపండు, వేరుశనగ ముద్ద వేసి మిక్సీ కొట్టి తాగు. నీళ్లు తిన్నాక తాగు."

"అయితే రోజూ రెండు బిర్యానీలు కూడా..."

"వద్దు. వారానికి పావుకిలో బరువు పెరిగితే చాలు. బరువులెత్తడం మానావో, నిన్నూ ఆ పెద్దమనుషుల బ్యాచ్‌లో కలిపేస్తా."

ఇంట్లో శౌరమ్మ నెయ్యి గిన్నె ముందుకు తోసింది. "నేను చెబితే చాదస్తం, సార్ చెబితే సైన్సు. కానీరా."

నెల తర్వాత జిమ్ కాటా యాభై మూడు చూపించింది.