కానుక అని రాసిన బిల్లు

కమలాక్షమ్మ చేత ఆ బిల్లు మార్పించడం మంచిపనేనా? నాకు ఈనాటికీ తేలలేదు.

అప్పుడు నేను నంద్యాలలో ఒక బ్యాంకు శాఖలో విదేశీ చెల్లింపులు చూసేవాణ్ణి. ఆవిడ ఆళ్ళగడ్డలో శిల్పశాల నడిపేది. భర్త పోయాక, తాను ఉలి పట్టని మనిషైనా, ఆరుగురు శిల్పులను చెదరనీయలేదు. మలేషియాలోని ఒక గుడికి అమ్మవారి మూలవిగ్రహం చెక్కిస్తూ సగం సొమ్ము ముందుగా అడిగింది. గుడివాళ్ళు డాలర్లలో పంపి పద్నాలుగు రోజులైంది. రాలేదు.

"యాడ ఆగినాయప్పా నా దుడ్లు? శనివారం కూలి ఇయ్యకుంటే పక్క శాలకు పోతామంటాండారు మా శిల్పులు."

గుడివాళ్ళు పంపిన స్విఫ్ట్ కాగితం, అంటే సొమ్ము పంపినట్టు వాళ్ళ బ్యాంకు ఇచ్చిన రుజువు, ఆవిడ ఫోనులో ఉంది. అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవాటి జాడ నంబరు చూసి, హైదరాబాదులోని మా ఫారెక్స్ విభాగానికి పంపాను. మా శాఖలో దాన్ని వెతికే వీలు లేదు. మధ్యాహ్నానికి జవాబొచ్చింది. కౌలాలంపూర్ బ్యాంకు సొమ్మును పంపిన రోజే న్యూయార్క్‌లోని మధ్యవర్తి బ్యాంకు అందుకుంది; డాలర్లు ఎక్కువగా అక్కడి మీదుగానే వస్తాయి. ఆ తర్వాత కదలిక లేదు.

"ఆరడుగుల రాయే ఓడెక్కి పోతాది. ఈ దుడ్లకేం బరువని ఆడ కూర్చున్యాయి?" అంది.

పక్క సీటు శ్రావణి నవ్వింది. "కారణం మనకు చెప్పరవ్వా. పంపినోళ్ళ బ్యాంకునే అడుగుతారు. గుడివాళ్ళకు ఫోన్ చెయ్."

మర్నాడు తెలిసింది. చెల్లింపు కారణం దగ్గర విరాళం అని ఉంది. ఎక్కడో ఉన్న గుడి ఒక ప్రైవేటు మనిషికి విరాళం ఎందుకిస్తుందని న్యూయార్క్ వాళ్ళ ప్రశ్న. గుడివాళ్ళు ఆవిడ బిల్లు చూసే అలా రాశారు. బిల్లులో 'కానుక' అని ఉంది.

"అమ్మకమని రాయాలమ్మా," అన్నాను.

"దేవతను అమ్మేదేందప్పా? మా ఆయన ముప్పై ఏండ్లు కానుకనే రాసినాడు. మాది పనికి తీసుకునే కూలి."

"ఓడలో పోయేది కూలి కాదు గదా. విగ్రహం."

ఆవిడ గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. శనివారానికి ఇంకా మూడు రోజులున్నాయి. చివరికి అమ్మకమని రాసిన కొత్త బిల్లు మీద సంతకం చేసింది. అక్షరాలు వంకరపోయాయి. గుడివాళ్ళ బ్యాంకు దాన్ని జతచేసి న్యూయార్క్‌కు సమాధానమిచ్చింది.

శుక్రవారం అదే నంబరుతో మళ్ళీ చూస్తే, సొమ్ము మధ్యవర్తి బ్యాంకు దాటింది. వాళ్ళ రుసుము కొన్ని డాలర్లు పోను మిగిలింది రూపాయలై సాయంత్రంలోగా ఆవిడ ఖాతాలో పడింది. శిల్పులు ఎక్కడికీ పోరు. ఆ మాట నేనే సంతోషంగా చెప్పాను.

సొమ్ము అందినట్టు మా శాఖ ఇచ్చే కాగితం కోసం ఆవిడ వచ్చినప్పుడు, అందులో 'వస్తువుల ఎగుమతికి ముందస్తు సొమ్ము' అన్న వరుసను శ్రావణి తెలుగులో చదివి వినిపించింది.

"వస్తువంటే అమ్మవారేనా?" అని అడిగింది కమలాక్షమ్మ.

"బ్యాంకు లెక్కలో అంతేనమ్మా."

ముద్ర వేయడానికి తల వంచాను. ఎత్తేసరికి ఆవిడ కాగితం తీసుకోకుండానే బయట రోడ్డు దాటుతోంది, ఆళ్ళగడ్డ బస్సు వైపు.